కేదార్‌కంఠకు ఏ థర్మల్: మెరినోనా, పాలిస్టరా?

ప్రశ్న: నమస్కారం అండీ. నేను బెంగళూరులో మారతహళ్లిలో ఉంటాను, సొంతూరు కడప. జనవరి మొదటి వారంలో స్నేహితురాళ్లతో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్‌కు వెళ్తున్నాను. రానూ పోనూ రైలే, మొత్తం 11 రోజులు. అందులో ఆరు రోజులు స్నానం, బట్టలు ఉతకడం కుదరవని చెప్పారు. లోపల వేసుకునే థర్మల్స్ కోసం 6,000 రూపాయలు పక్కన పెట్టాను. ఒక స్నేహితురాలు మెరినో జాతి గొర్రెల ఉన్ని తప్ప ఏదీ వద్దంటోంది. ఇంకొకామె అది డబ్బు తగలేయడమే, పాలిస్టర్ రెండు జతలు చాలంటోంది. నాకు చెమట ఎక్కువ, వాసన అంటే మరీ బెంగ. పెద్ద సంచి కంచరగాడిద మీద పంపి, చిన్న సంచి మాత్రం నేను మోస్తాను. ఏది కొనమంటారు? తిరిగొచ్చాక అది బెంగళూరులో పనికొస్తుందా? — ఒక పాఠకురాలు

సమాధానం: ఒక మెరినో చొక్కా, ఒక పాలిస్టర్ చొక్కా, ఒక పాలిస్టర్ ప్యాంటు కొనండి. మెరినో నడిచేటప్పుడు వేసుకోవాలి, పాలిస్టర్ పడుకునేటప్పుడు. ట్రెక్కింగ్ అలవాటున్న చాలామంది దీన్ని తిరగేసి చెబుతారు. ఖరీదైన ఉన్నిని రాత్రికి దాచుకుని, పగటి చెమటంతా పాలిస్టర్‌కు వదిలేయమంటారు. పన్నెండు, పదిహేను కిలోల సంచి రోజంతా వీపున మోసేవాళ్లకు ఆ సలహా సరైనదే, ఎందుకో కింద చెబుతాను. మీ పెద్ద సంచి కంచరగాడిద మీద పోతోంది, మీ బెంగ వాసన గురించి. అందుకే మీకు నేను చెప్పేది వేరు.

ముందు ఆ వాసన ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం, ఎందుకంటే కొనుగోలు మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది. చెమటకు దానంతట దానికి పెద్ద వాసన ఉండదు. చంకల్లో ఉండే ఒక రకం గ్రంథుల నుంచి కొవ్వు, మాంసకృత్తులు కలిసిన చిక్కటి స్రావం వస్తుంది. చర్మం మీద ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియా దాన్ని తిని, ఘాటైన ఆమ్లాలను వదులుతుంది. మన ముక్కుకు తగిలేవి అవే. కాబట్టి ఎంత చెమట పట్టిందన్నది ఒక్కటే కాదు, ఆ జిడ్డు, ఆ ఆమ్లాలు గుడ్డలో ఎక్కడ చేరి ఎలా బయటికి వస్తున్నాయన్నదే అసలు సంగతి.

పాలిస్టర్ పోగు నీళ్లను తనలోకి దాదాపు తీసుకోదు. దాని బరువులో ఒక శాతం కూడా పీల్చదు. చెమట పోగుల మధ్య సందుల్లో పాకి, గుడ్డ పైముఖానికి చేరి అక్కడ ఆరిపోతుంది. క్రీడాకారులు దాన్ని ఇష్టపడేది ఇందుకే. కానీ నీటిని దగ్గరికి రానివ్వని ఆ పోగు నూనెను మాత్రం వదలదు. చంకల దగ్గరి జిడ్డు పోగుకు పట్టుకుని ఉండిపోతుంది, బ్యాక్టీరియాకు అక్కడ తిండి దొరుకుతుంది. అది వదిలే వాసన పోగు లోపలికి ఇంకకుండా పైపైనే ఉండి, ఒంటి వేడి తగలగానే గాలిలోకి లేస్తుంది. 2014లో బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 26 మంది చేత వ్యాయామ సైకిలు తొక్కించి, వాళ్ల చొక్కాలను సంచుల్లో మూసి ఉంచి, తరవాత శిక్షణ పొందిన వారిచేత వాసన చూపించారు. నూలు చొక్కాల కన్నా పాలిస్టర్ చొక్కాల వాసనే ఘాటుగా ఉందని తేలింది. మైక్రోకాకస్ అనే బ్యాక్టీరియా జాతి పాలిస్టర్ మీద ప్రత్యేకంగా పెరిగిందని కూడా వాళ్లు గమనించారు.

ఉన్ని దీనికి భిన్నంగా పనిచేస్తుంది. పోగు పైపొర నీటి చుక్కను దొర్లించేస్తుంది, లోపలి భాగం మాత్రం ఆవిరి రూపంలోని తేమను పీల్చుకుంటుంది. తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చినా చేతికి తడిగా తగలదు. తేమతో పాటు వాసన పుట్టించే పదార్థాలు కూడా పోగు లోపలికి పోయి అక్కడే బందీ అవుతాయి. ఉన్ని బ్యాక్టీరియాను చంపుతుందని అమ్మేవాళ్లు తరచూ చెబుతుంటారు, అది నమ్మకండి. ఉన్ని మీద బ్యాక్టీరియా హాయిగానే బతుకుతుంది. దాని వాసన మన ముక్కు దాకా రాదు, అంతే. ఈ తేడా తెలిస్తే మెరినో హద్దు కూడా తెలుస్తుంది. పోగు నిండిపోతే, లేదా చొక్కా రోజుల తరబడి తడిగానే ఉండిపోతే అది కూడా కంపు కొడుతుంది. అప్పుడు తడిసిన గొర్రె వాసన కూడా వస్తుంది. మెరినో చొక్కా మాట నిలబెట్టుకోవాలంటే రోజూ కొన్ని గంటలు గాలికి ఆరాలి.

వెండి పూత, వాసన నిరోధక పూత అని రాసి ఉన్న పాలిస్టర్ చొక్కాలు కూడా మీకు కనిపిస్తాయి. కొత్తలో కొంత పనిచేస్తాయి. పూత రకాన్ని బట్టి ఉతికిన కొద్దీ తగ్గుతుంది, పోగు స్వభావం మాత్రం మారదు. వాటికి అదనంగా పెద్ద మొత్తం పెట్టకండి.

ఇప్పుడు మీ ప్రయాణాన్నే తీసుకుని రోజులవారీగా చూద్దాం. రైల్లో థర్మల్స్ వేసుకోకండి. బెంగళూరు నుంచి ఢిల్లీ దాకా మామూలు నూలు బట్టలు చాలు, మెరినో చొక్కా సంచిలో శుభ్రంగా, పొడిగా ఉండాలి. డెహ్రాడూన్ నుంచి నడక మొదలయ్యే సంక్రీ ఊరి దాకా బండి ప్రయాణం ఒక రోజు పడుతుంది, ఆ రోజు కూడా అవసరం రాదు. మీ చొక్కాల అసలు పని మర్నాటి నుంచి నాలుగు నడక రోజులు. మామూలుగా మొదటి రోజు జూడా కా తాలాబ్ చెరువు, రెండో రోజు బేస్ క్యాంపు, మూడో రోజు తెల్లవారుజామున 3,810 మీటర్ల శిఖరం ఎక్కి కిందికి దిగడం, నాలుగో రోజు తిరిగి సంక్రీ. ఆ మర్నాడు మళ్లీ బండిలో డెహ్రాడూన్.

మొదటి రోజు ఎక్కుడులో మీకు చెమట పడుతుంది. జనవరి కదా అని మూడు పొరలు వేసుకుని బయల్దేరితే అరగంటలో తడిసిపోతారు. బయల్దేరేటప్పుడు కొంచెం చలి వేస్తుండాలి, అదే సరైన కొలత. మెరినో చొక్కా, పైన ఫ్లీసు అనే పలుచని నూగు స్వెట్టరు, గాలి వీస్తే ఇంకో పొర. ఎండ తగిలే ఎక్కుడులో మెరినో ఒక్కటే సరిపోవచ్చు. ఇక్కడ పాలిస్టర్‌కు ఒక గెలుపు ఉందని ఒప్పుకోవాలి, కుండపోతగా చెమట పట్టేవాళ్లకు అది త్వరగా ఆరుతుంది. మెరినో బాగా తడిస్తే ఆరడానికి చాలాసేపు తీసుకుంటుంది. కానీ ఆరుతున్నంతసేపూ ఒంటికి ఐస్ పెట్టినట్టు తగలదు. ఆగి టీ తాగే పది నిమిషాల్లో తడి పాలిస్టర్ ఎంత చల్లగా వీపుకు అతుక్కుంటుందో, తడి ఉన్ని అంత అతుక్కోదు. ఈ ట్రెక్‌లో నడక గంటలు తక్కువ, ఆగడాలు ఎక్కువ. ఆ లెక్కన మీకు ఉన్నే మేలు.

క్యాంపుకు చేరగానే చేయాల్సిన పని ఒకటుంది, దాని మీదే మిగతా రోజులన్నీ నడుస్తాయి. ఒళ్లు ఇంకా వెచ్చగా ఉండగానే, టీ కన్నా ముందు, గుడారంలోకి వెళ్లి మెరినో విప్పేయండి. చంకలు, మెడ, వీపు తడి గుడ్డతో తుడుచుకోండి. సువాసన లేని తడి రుమాళ్ల ప్యాకెట్ ఒకటి పట్టుకెళ్తే సరిపోతుంది. వాటిని గడ్డకట్టనివ్వకుండా జేబులో పెట్టుకోండి, వాడినవి కొండ మీద వదలకుండా వెనక్కి తెచ్చేయండి. గుడ్డలోకి పోయే జిడ్డు ఈ తుడవడంతో కొంత ఆగిపోతుంది. తరవాత పొడి పాలిస్టర్ వేసుకుని, ఆపైన ఫ్లీసు, జాకెట్ తొడుక్కోండి. విప్పిన మెరినోను గుడారం తాడు మీద ఆరేయకండి, సూర్యుడు దిగాక అది అట్టముక్కలా బిగిసిపోతుంది. చేతికి కాస్త చెమ్మగా మాత్రమే తగిలితే ఫ్లీసుకూ జాకెట్‌కూ మధ్య పొట్టమీద పరుచుకోండి. భోజనం వేళకు ఒంటి వేడికి ఆరిపోతుంది. ఎండ ఇంకా ఉంటే మాత్రం ఒక గంట లోపలి వైపు బయటికి తిప్పి ఎండలో పెట్టండి, దానికి మించింది లేదు. నీళ్లు కారేంత తడిగా ఉంటే ముందు ఫ్లీసులో చుట్టి గట్టిగా నొక్కండి, పిండకండి. తడిసినప్పుడు ఉన్ని పోగు బలం తగ్గుతుంది, మెలిపెడితే సాగి తెగుతుంది.

పాలిస్టర్ చొక్కాను నిద్రకు పెట్టుకోమన్నది ఈ క్రమం వల్లే. రాత్రి మీకు చెమట పట్టదు. తుడుచుకున్న ఒంటి మీద పొడిగా వేసుకున్న పాలిస్టర్ నాలుగైదు రాత్రులైనా పెద్దగా వాసన రాదు. అదే పగలంతా వేసుకుని ఎక్కితే, చెమట ఎక్కువ పట్టే మనిషికి రెండో సాయంత్రానికే జాకెట్ జిప్పు తీసినప్పుడు తెలిసిపోతుంది. రెండు జతల పాలిస్టర్ చాలన్న మీ స్నేహితురాలి లెక్క తప్పేది ఇక్కడే. రెండో చొక్కాను మూడో రోజు వేసుకుంటారు, అది నాలుగో రోజుకు మొదటిదానిలాగే తయారవుతుంది, ఇక రాత్రికి పొడి చొక్కా మిగలదు. చలిలో రాత్రి పొడి చొక్కా లేకపోవడం వాసన కన్నా పెద్ద ఇబ్బంది.

శిఖరం ఎక్కే తెల్లవారుజామున మాత్రం రెండూ వేసుకోండి, లోపల మెరినో, పైన పాలిస్టర్, ఆపైన మిగతావి. వెలుగు వచ్చి ఒళ్లు వేడెక్కగానే ఆగి పాలిస్టర్ తీసి సంచిలో పెట్టేయండి, అది తడవకముందే. ఆ తరవాత క్యాంపులో ఉండేది ఒక్క రాత్రే, కాబట్టి ఈ ఒక్కసారికి ఆ సాహసం చేయవచ్చు.

కాళ్లకు మెరినో ఎందుకు వద్దన్నానంటే, కాళ్లకు ఆ చిక్కటి స్రావం వచ్చే గ్రంథులు చంకల్లో ఉన్నట్టు ఉండవు, వాసన సమస్య చాలా తక్కువ. పైగా తొడల మధ్య రాపిడికి పలుచని మెరినో అన్నిటికన్నా ముందు అక్కడే పలచబడి చిల్లు పడుతుంది. లోపలి వైపు నూగున్న పాలిస్టర్ ప్యాంటు మీకు చాలా ఏళ్లు వస్తుంది.

మన్నిక మాటకు వచ్చాం కాబట్టి, మెరినోకు ఉన్న అసలు బలహీనత చెప్పాలి. మెత్తదనం కోసం వాడే పోగు చాలా సన్నం, సాధారణంగా 17 నుంచి 19 మైక్రాన్లు. మన తల వెంట్రుక దీనికి మూడు, నాలుగు రెట్లు ఉంటుంది. తెలంగాణ గొంగడి గుచ్చుకోవడానికీ మెరినో గుచ్చుకోకపోవడానికీ ఈ మందమే కారణం. గొంగడి తరతరాలు మన్నడానికీ, మెరినో రెండు, మూడేళ్ల గట్టి వాడకానికే నలిగిపోవడానికీ కూడా అదే కారణం. చిల్లులు పడే చోట్లు ముందే తెలుసు. సంచి పట్టీలు ఆనే భుజాలు, నడుము పట్టీ రాసుకునే పక్కలు, ప్యాంటు గుండీ తగిలే బొడ్డు దగ్గర. బరువైన సంచి మోసేవాళ్లు మెరినోను రాత్రికి దాచుకోవడం సబబేనని మొదట అన్నది ఇందుకే. మీరు మోసే చిన్న సంచిలో నీళ్లు, తిండి, ఒక జాకెట్ ఉంటాయి. ఆ బరువుకు చొక్కా తట్టుకుంటుంది. అయినా కొనేటప్పుడు భుజం కుట్టు చూడండి. అది సరిగ్గా పట్టీ కింద కాకుండా కాస్త ముందుకో వెనక్కో జరిగి ఉన్న చొక్కా ఎంచుకోండి. ఇది పట్టీ రాపిడినీ తగ్గిస్తుంది, మీ భుజాన్నీ ఒరుసుకోనివ్వదు.

పాలిస్టర్ చిరిగిపోయి పాడవడం నేను దాదాపు చూడలేదు. అది వాసనతో పాడవుతుంది. ఉతికి ఆరేసినప్పుడు ఏ వాసనా ఉండదు. వేసుకుని పది నిమిషాలు మెట్లెక్కితే, కొత్త చెమట ఇంకా పట్టకముందే, పాత వాసన లేస్తుంది. అంటే జిడ్డు పోగులోనే ఉండిపోయిందన్నమాట. మీ దగ్గర ఇప్పుడున్న జిమ్ చొక్కాను ఇలా పరీక్షించవచ్చు. చంక భాగాన్ని అరచేతుల మధ్య పెట్టి ఒక నిమిషం రుద్ది వేడెక్కించి వాసన చూడండి. వస్తే, గోరువెచ్చని నీళ్లలో ఎంజైములున్న మంచి డిటర్జెంట్ కలిపి గంటసేపు నానబెట్టి ఉతకండి. మొండి వాసనైతే ఆక్సిజన్ రకం మరకల పొడి కలపవచ్చు. గుడ్డను మెత్తబరిచే ద్రవం మాత్రం పాలిస్టర్‌కు ఎప్పుడూ వాడకండి. అది పోగు మీద జిడ్డు పూతలా మిగిలి, చెమట పాకే దారి మూసేసి, వాసనను లోపల బంధిస్తుంది.

ఇక కొనడం. బెంగళూరు దుకాణాల్లో సాదా పాలిస్టర్ చొక్కా సుమారు 500 నుంచి 1,000 రూపాయలకు, కాస్త మందంగా లోపల నూగున్నది మరో రెండు, మూడు వందలు ఎక్కువకు దొరుకుతుంది. రాత్రికి మీకు కావలసింది ఆ నూగున్న రకం. మెరినో పొడుగు చేతుల చొక్కా సుమారు 2,500 నుంచి 4,000 మధ్య వస్తుంది. విదేశీ పేరున్నవి 7,000 దాటుతాయి, మీ పనికి అవి అక్కర్లేదు. మెరినోకు 3,000, పాలిస్టర్ చొక్కాకు 1,000, ప్యాంటుకు 900 అనుకుంటే 4,900 అవుతుంది. మిగిలిన 1,100తో మెరినో, నైలాన్ కలిపిన ఒక జత మేజోళ్లు కొనండి. పాదాల విషయంలో ఉన్ని పెట్టిన ప్రతి రూపాయికీ విలువ చేస్తుంది. సంక్రీలో జాకెట్లు, బూట్లు అద్దెకు దొరుకుతాయి కానీ ఒంటికి ఆనుకునేవి అద్దెకు తీసుకునేవి కావు, కాబట్టి బడ్జెట్ వీటి మీదే పెట్టండి.

మెరినో చీటీ మీద మూడు సంగతులు చదవండి. మొదటిది గుడ్డ బరువు. దాన్ని జీఎస్ఎం అంటారు, చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందన్నది. 150 కన్నా తక్కువైతే ఈ ప్రయాణానికి మరీ పలుచన, త్వరగా చిల్లులు పడుతుంది. 250 అయితే నడకకు మరీ వేడి, ఆరడానికి మరీ ఆలస్యం. చెమట ఎక్కువ పట్టే మీకు 150 నుంచి 190 దాకా సరిగ్గా ఉంటుంది. రెండోది మిశ్రమం. నూటికి నూరు మెరినో అని గొప్పగా రాసినదాని కన్నా, పది నుంచి పదిహేను శాతం నైలాన్ కలిసినది మీకు మేలు. నైలాన్ పోగు చుట్టూ ఉన్నిని వడికిన నూలైతే చిల్లు పడటం బాగా ఆలస్యమవుతుంది, వాసన విషయంలో తేడా తెలియనంత తక్కువ. పాలిస్టర్ సగానికి సగం కలిసినదాన్ని మాత్రం మెరినో ధర పెట్టి కొనకండి. మూడోది అసలు అది ఉన్నేనా అన్నది. చలికాలంలో ఉన్ని థర్మల్ అని పేర్చి అమ్మేవాటిలో చాలా భాగం ఆక్రిలిక్, పాలిస్టర్, నూలు కలిపినవే. చీటీ మీద శాతాలు లేకపోతే తీసుకోవద్దు.

అయినా అనుమానం తీరకపోతే ఇంటికొచ్చాక ఒక పోగు కాల్చి చూడవచ్చు. కింది అంచు మడత లోపల గుడ్డ పోగు ఒకటి సూదితో లాగండి. కుట్టు దారం లాగకండి, అది నిజమైన మెరినో చొక్కాలో కూడా మామూలుగా పాలిస్టరే ఉంటుంది. చాలామంది అక్కడే పొరబడి మంచి చొక్కాను నకిలీ అనుకుంటారు. పోగును పటకారుతో పట్టుకుని నీళ్ల గిన్నె పైన అగ్గిపుల్లతో అంటించండి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, మిగిలిన నల్లటి బూడిద వేళ్ల మధ్య పొడిపొడి అవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి ముడుచుకుని చివర గట్టి పూసలా మిగులుతుంది, నలిపినా నలగదు. పొడి కూడా, గట్టి ముక్కలు కూడా కలిసి మిగిలితే మిశ్రమం అన్నమాట.

కొన్నాక నేరుగా కొండకు తీసుకెళ్లకండి. ఒక ఆదివారం తెల్లవారుజామున నంది కొండ మెట్లదారి ఎక్కండి, మీరు మోయబోయే చిన్న సంచి అంతే బరువుతో. దిగాక మెరినోను ఉతకకుండా బాల్కనీలో రాత్రంతా ఆరేసి, మర్నాడు సాయంత్రం చంక దగ్గర వాసన చూడండి. మరో ఆదివారం అదే పని పాలిస్టర్‌తో చేయండి. తేడా మీ ముక్కుకే తెలుస్తుంది, స్నేహితురాళ్ల వాదన కూడా తీరుతుంది. మీకు ఉన్ని పడుతుందో లేదో కూడా అప్పుడే బయటపడుతుంది. మెడ దగ్గర దురద, ఎర్రటి మచ్చలు వస్తే ఈ సలహా అంతా పక్కన పెట్టి పాలిస్టర్ చొక్కాలు మూడు తీసుకెళ్లండి. రెండు నడకకు, ఒకటి నిద్రకు మాత్రమే.

ప్రయాణం వేరేదైతే నా జవాబు కూడా వేరు. రోజూ సాయంత్రం గదికి చేరే యాత్ర, అంటే మనాలిలోనో గాంగ్‌టాక్‌లోనో బస చేసి తిరగడమైతే రెండు పాలిస్టర్ చొక్కాలు మెరినోను సులువుగా ఓడిస్తాయి. రాత్రి బకెట్లో జాడించి, తువ్వాలులో చుట్టి నొక్కి ఆరేస్తే పొద్దునకు సిద్ధం, ఖర్చు మూడో వంతు. ఉతకడం కుదరని రోజులు వరసగా మూడు దాటినప్పుడే మెరినో ధరకు న్యాయం జరుగుతుంది.

బెంగళూరులో వాడకం గురించి. 150 జీఎస్ఎం చొక్కా డిసెంబరు, జనవరి ఉదయాల్లో, రాత్రి బస్సు ప్రయాణాల్లో, ఏసీ ఆఫీసుల్లో హాయిగా ఉంటుంది. కడప ఎండల్లో మాత్రం దాన్ని వేసుకోకండి. ఉతికే విషయంలో కఠినంగా ఉండాలి. మామూలు బట్టల డిటర్జెంట్లలో చాలావాటిలో మాంసకృత్తులను కరిగించే ఎంజైము ఉంటుంది. రక్తం, పాల మరకలు పోయేది దానితోనే. ఉన్ని కూడా మాంసకృత్తే, కాబట్టి అది కొంచెం కొంచెంగా చొక్కానే తినేస్తుంది. పాలిస్టర్‌కు మంచిదన్న డిటర్జెంట్, మరకల పొడి ఉన్నికి శత్రువులు. క్లోరిన్ బ్లీచ్ అయితే ఉన్నిని కరిగించేస్తుంది. ఉన్ని బట్టల కోసం అమ్మే ద్రవం ఈజీ లాంటిది చల్లని నీళ్లలో కలిపి, పది నిమిషాలు ఉంచి, చేత్తో నొక్కి జాడించండి. మీ ఫ్లాట్‌లో పనికి వచ్చే వాళ్లకూ, ధోబీకీ దాన్ని ఇవ్వకండి. వేడి నీళ్లు, రాపిడి రెండూ కలిస్తే చొక్కా కుదించుకుపోయి పిల్లల కొలతకు వస్తుంది. హ్యాంగరుకు వేలాడదీయకుండా తువ్వాలు మీద పరిచి ఆరబెట్టండి.

దాచేముందు తప్పకుండా ఉతకండి, శుభ్రంగా కనిపిస్తున్నా సరే. ఉన్నిని తినే చిమ్మట పురుగులకు చెమట, జిడ్డు ఉన్న చోటు మరీ ఇష్టం. పూర్తిగా ఆరాక గట్టిగా మూతపడే ప్లాస్టిక్ సంచిలో పెట్టండి, వానాకాలం మధ్యలో ఒకసారి తీసి ఎండ తగిలించి దులపండి. ఎప్పుడైనా చిల్లు కనిపిస్తే వెలుతురుకు పట్టి చూడండి. చుట్టూ గుడ్డ పలచబడి జల్లెడలా ఉంటే అది రాపిడి చిల్లు, పట్టీయో గుండీయో కారణం. చుట్టూ గుడ్డ మందంగానే ఉండి, ఏ రాపిడీ తగలని చోట అంచు తెగినట్టు చిల్లు ఉంటే అది పురుగు పని. అప్పుడు ఆ అరలోని ఉన్ని బట్టలన్నీ బయటికి తీసి, ఒక్కోటీ సంచిలో మూసి నాలుగైదు రోజులు ఫ్రీజరులో పెట్టండి. చిల్లు ఏ రకమైనా, అది శనగ గింజంత కాకముందే అదే రంగు దారంతో కుట్టేయండి, అల్లిక గుడ్డ కదా, ఒక్క ముడి జారితే పక్కవి కూడా జారతాయి.